గీత దాటాక

సూర్రావు మాస్టారు ఒకప్పుడు రైల్వే తరఫున వంద మీటర్లు పరిగెత్తిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు సహకరించక, కాలవ గట్టు మీద కుర్చీ వేయించుకుని పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు. బళ్లో ఆటల పోటీలు శనివారం. కోసిన చేలో వరి కొయ్యలు గుచ్చుకుంటాయని గట్టునే ట్రాక్ చేసుకున్నారు. గేదెలొస్తే ఆగాలి, అంతే.

"ఎడం కాలు గీతకి రెండు పాదాల వెనక, కుడికాలు మూడు పాదాల వెనక. నడుం లేపు. తలెత్తకే!"

మంగ బాగానే దూకింది. చివర్లో పక్కకి చూసింది. దుర్గ దాటేసింది.

"ఎందుకు చూశావే?"

"అదెక్కడుందోనని, తాతగారూ."

"1984లో లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉషకి సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోయింది, తెలుసా?"

"ఆవిడా పక్కకి చూసిందాండీ?"

మాస్టారుకి నవ్వాగలేదు. "ఆవిడ సంగతి నీకెందుకే! గీత దాటాక కూడా పది గజాలు పరిగెత్తు. మళ్లీ!"

ఈసారి మంగ ఆగలేదు. గీత దాటి, పది గజాలూ దాటి, ఎదురొస్తున్న బాతుల మందలోకి దూసుకుపోయింది. బాతులన్నీ కాలవలో పడ్డాయి. కాపరి తిట్లు లంకించుకున్నాడు.

"తిడితే తిట్టాడులే. టైమెంతరా?" అన్నాడు మాస్టారు.

స్టాప్‌వాచ్ పట్టుకున్న కుర్రాడు ఇంకా బాతులకేసే చూస్తున్నాడు.