పెరటి తలుపు

ఆ తలుపుకి బోల్టు పడదని ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క నాన్నకి తప్ప.

తెల్లారి ఫలక్‌నుమాకి పలాసలో దిగి, ఆటోల్లో మందస దాటి ఇంటికొచ్చాడు నాన్న. పది రోజుల సెలవు. హైదరాబాదులో రాడ్డు పని. రోజంతా పడుకున్నాడు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ వంటింటి మూల నుంచి రుబ్బురోలు పొత్రాన్ని రెండు చేతులా దొర్లించుకుంటూ పెరటి తలుపు దగ్గరికి తెచ్చి, రెక్కకి ఆనించి, కాలితో ఒక తోపు తోసింది.

"అదేటే?" అన్నాడు నాన్న, మంచం మీంచి లేచి కూర్చుని.

"బోల్టు పడదు."

"ఎప్పట్నుంచి?"

అమ్మ జవాబు చెప్పలేదు. చంటి చెప్పాడు. "రెండేళ్ళయింది నాన్నా. ముందు ఎత్తి పెడితే పడీది. ఇప్పుడు నాను ఎత్తితేనే పడతాది, అమ్మకి ఒక్కదానికి అవదు. ఒక చేత్తో ఎత్తాల, ఒక చేత్తో తొయ్యాల."

ఉద్దానంలో పెరటి తలుపు పడకపోవడం చిన్న సంగతి కాదు. జీడితోటల్లోంచి ఎలుగులు ఊళ్ళోకి వస్తాయి. పనసపండు వాసన తగిలితే గుమ్మం దాకా వస్తాయి. మొన్న ఆషాఢంలో పక్క వీధిలో ఒకరి పెరట్లో పనస తొనల చెత్తంతా చెల్లాచెదురు చేసి పోయింది ఒకటి. పొద్దున్న బురదలో దాని అడుగులు చూడ్డానికి చంటి కూడా వెళ్ళాడు. అచ్చం మనిషి అరికాలులా ఉంది, వేళ్ళ ముందు గోళ్ళ గాట్లు తప్ప. ఆ రాత్రి నుంచి పొత్రం పక్కన బిందె కూడా పెడుతోంది అమ్మ. తలుపు కదిలితే బిందె పడి చప్పుడవుతుందని.

"రేపు సూస్తాను" అన్నాడు నాన్న.

పొద్దున్న చద్దన్నం తిని, తాత నాటి పనిముట్ల పెట్టె అటక మీంచి దించాడు. తుప్పు పట్టిన ఉలి, సుత్తి, స్క్రూడ్రైవరు, సగం అరిగిన ఆకురాయి. చంటి బడికి వెళ్ళే పని లేదు, ఆదివారం. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

అది పనస చెక్క తలుపు. తిత్లీ తుఫానుకి, అంటే 2018 అక్టోబరులో, పెరట్లో తాత వేసిన పనస చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. కొబ్బరీ జీడీ కూడా పడ్డాయి. వాటిని అయినకాడికి అమ్మేశారు గానీ పనస మొద్దుని మాత్రం మామ్మ కదలనివ్వలేదు. ఏడాది నీడలో ఆరబెట్టి, కోయించి, ఆ చెక్కతో ఈ తలుపు చేయించింది. కొత్తలో పసుపు ముద్దలా ఉండేది. ఇప్పుడు కాఫీ రంగుకి తిరిగింది. ఒంటి రెక్క, మూడు బందులు. బరువైన తలుపు. చెట్లు పోయిన ఆ ఏడాదే నాన్న మొదటిసారి హైదరాబాదు వెళ్ళాడు. చంటికప్పుడు నాలుగేళ్ళు.

నాన్న తలుపు మూసి బోల్టు తోశాడు. టక్కుమని ద్వారబంధం కమ్మికి కొట్టుకుని ఆగింది. ఇంకా గట్టిగా తోశాడు. సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. బోల్టు పిడి వంగింది గానీ లోపలికి వెళ్ళలేదు.

"కన్నం పైన ఉంది, బోల్టు కింద ఉంది. కన్నం కాస్త కిందికి తవ్వితే సరి" అన్నాడు, ఉలి తీసుకుంటూ.

"ఎంత కింద?"

"సుమారుగా."

"ఉండు నాన్నా" అని చంటి లోపలికి పరిగెత్తి మామ్మ కుంకుమ బరిణె తెచ్చాడు. వేలితో కాస్త తీసి బోల్టు మూతికి పూశాడు. "ఇప్పుడు తోసి, తియ్యి."

తోసి తీశాడు నాన్న. తలుపు తెరిచి చూస్తే కమ్మి మీద ఎర్రగా బొట్టు పడింది. కన్నం అంచుకి బియ్యపు గింజ పొడుగంత కింద.

నాన్న నవ్వి, "ఎవడు నేర్పినాడురా నీకు?" అన్నాడు.

"గడపకి బొట్లెట్టినప్పుడు మామ్మ చీర అంటుకుంటే ఎక్కడ అంటుకుందో అక్కడే మరక పడతాది కదా."

ఉలి మొన బొట్టు మీద ఆనించి సుత్తి ఎత్తిన నాన్న, కొట్టకుండా ఆగిపోయాడు. వంగి, కన్నంలోకి దగ్గరగా చూశాడు. అది గుండ్రంగా లేదు. పైన బోల్టంత గుండ్రం. దాని కింద మెట్టుగా ఒక గాటు, దాని కింద ఇంకో గాటు, దాని కింద మూడోది. పై గాటు మట్టి పట్టి నల్లగా ఉంది. నడిమిది గోధుమ రంగు. కిందిదాంట్లో చెక్క ఇంకా పచ్చగానే ఉంది. ఉలి వాడకం తెలిసినవాళ్ళు తవ్వినట్టు లేదు. కత్తి మొనతో గీకి గీకి తీసినట్టుంది.

"ఇది ఎవరు తవ్వినారు?"

"అమ్మ. ఏడాదికొక మాటు, వానలప్పుడు. ఈ ఏడు కత్తి మొన విరిగిపోయింది."

నాన్న ఆ మూడు గాట్ల మీదా బొటనవేలు పైనుంచి కిందికి రాశాడు. వంటింట్లో అమ్మ పోపు పెడుతున్న చప్పుడు వస్తోంది. ఉలి కింద పెట్టేశాడు.

"కన్నం తప్పు కాదిది" అన్నాడు కాసేపటికి. "తలుపే ఏడాదేడాదికీ దిగిపోతోంది. మనం తవ్వితే వచ్చే ఏటికి మళ్ళీ దిగతాది."

"ఎత్తాల నాన్నా. నాను సూపిస్తాను."

చంటి రెక్క అంచు పట్టుకుని, భుజం కింద పెట్టి, మోకాళ్ళు వంచి లేపాడు. ఎర్ర గచ్చు మీద తలుపు గీసిన తెల్లటి వంపు గీత మీంచి రెక్క పైకి లేచింది. రెండో చేత్తో బోల్టు తోస్తే సర్రున వెళ్ళిపోయింది. ఆ రెండేళ్ళూ రోజూ చేసిన పని కాబట్టి వాడి ఒంటికి అది అలవాటైపోయింది. ఎంత లేపాలో, ఎప్పుడు తొయ్యాలో ఆలోచించనక్కర్లేదు.

"మళ్ళీ లేపు" అన్నాడు నాన్న. ఈసారి బోల్టు వైపు చూడలేదు. బందుల వైపుకి వెళ్ళి నిలబడ్డాడు. "వొగ్గీ. లేపు. వొగ్గీ."

"పైన సందు చూడు నాన్నా" అన్నాడు చంటి రొప్పుతూ. "పైబందు దగ్గర నా వేలు పడతాది. కింద బందు దగ్గర బియ్యపు గింజ కూడా పట్టదు."

అదే రోగం. లేపినప్పుడల్లా పైబందు స్క్రూలు కన్నాల్లో ఆడుతున్నాయి. వదిలితే తలుపు బరువంతా వాటిని బయటికి లాగుతోంది. నాన్న స్క్రూడ్రైవరు పెట్టకుండానే ఒక స్క్రూని వేళ్ళతో తిప్పి తీసేశాడు. దానితోపాటు నస్యం లాంటి పొడి రాలింది. బందు దగ్గర పాడైతే బోల్టు దగ్గర కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళు కనిపించిన చోటే తవ్వుతూ వచ్చారు.

నాన్న సైకిలేసుకుని హరిపురం వెళ్ళి, పాతవాటికన్నా అరంగుళం పొడుగున్న స్క్రూలు ఆరు, చిన్న జిగురు డబ్బా తెచ్చాడు. వచ్చేసరికి జల్లు మొదలైంది. కొబ్బరి మట్ట మొదలు నరికి చీలగా చెక్కి, రెక్క కింద బోల్టు వైపు పెట్టాడు.

"కాలితో తోస్తూ ఉండు. నేను సాలు అన్నప్పుడు ఆపు."

చంటి మడమతో చీలని కొద్దికొద్దిగా తోశాడు. తలుపు కిర్రుమంటూ లేచింది. పై సందు సన్నబడుతూ వచ్చి కింది సందుతో సమానమైంది.

"సాలు."

ఇక కన్నాలు పూడ్చాలి. అగ్గిపుల్లలు మెత్తన, విరిగిపోయాయి. చంటికి మామ్మ అగరొత్తులు గుర్తొచ్చాయి. తులసికోట మట్టిలో కాలిపోగా మిగిలిన పుల్లలు పాతికైనా గుచ్చి ఉంటాయి. వెదురు పుల్లలు. గుప్పెడు పీక్కొచ్చి, కడిగి, మామ్మ కొంగుతోనే తుడిచాడు.

నాన్న ఒక పుల్లని జిగురులో ముంచి కన్నంలో పెట్టబోయాడు. జారి పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. అయిదేళ్ళు ఇనప చువ్వలు వంచీ, తీగ చుట్టీ ఆ వేళ్ళ చివర్లు కాయలు కాసి మొద్దుబారాయి. అంత సన్నటి పుల్ల ఆ వేళ్ళ మధ్య ఉందో లేదో ఆయనకి తెలియడం లేదు. రెండో మాటు పడ్డాక ఒక్క క్షణం తన వేళ్ళకేసి చూసుకుని, ఏమీ అనకుండా చంటిని నడుం పట్టి స్టూలెక్కించాడు.

"నువ్వెట్టు."

కన్నానికి మూడు, ఒక్కోదానికి నాలుగు పట్టాయి. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కో పుల్లా దింపాడు చంటి. నాన్న కింద నుంచి టార్చి పట్టుకున్నాడు. బయటికొచ్చిన కొనలని ఉలితో కోసి, జిగురు ఆరనిచ్చారు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. అన్నం తిని వచ్చి, ఒక్కో స్క్రూకీ సబ్బు రాసి బిగించారు. మొదట వేళ్ళతో తిరిగింది, తరవాత గట్టిపడింది, చివరి రెండు చుట్లకి నాన్న మెడ నరాలు లేచాయి. ఆఖరి స్క్రూ చంటి చేతికిచ్చి, వాడి చెయ్యి మీద చెయ్యి వేయకుండా చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు పట్టింది వాడికి.

చీల తీశారు. తలుపు దిగలేదు.

కానీ మూస్తే పైమూల కమ్మికి పట్టేసి ఆగిపోయింది. నాన్న విసుగ్గా, "చిత్రిక పట్టి ఒక పొర తీసీవాల" అన్నాడు.

"వానల్లో చెక్క తియ్యకురా" అంది మామ్మ అరుగు మీంచి. "నీళ్ళు తాగి ఉబ్బినాది. ఇప్పుడు తీస్తే మాఘంలో ఎండిపోయి, సందులోంచి పాములొస్తాయి. కొవ్వొత్తి రాయి."

చంటి స్టూలెక్కి ఆ మూల మీద కొవ్వొత్తి పెట్టి రుద్దాడు, చెక్క నున్నగా మెరిసేదాకా. నాలుగు మాట్లు వేసి తీశాక తలుపు తనే దారి చేసుకుంది. ఉఫ్‌మని గాలి చప్పుడుతో వచ్చి కూర్చుంది.

నాన్న వంగిన పిడి సరిచేసి, "వెయ్యి" అన్నాడు చంటితో.

లేపలేదు. భుజం పెట్టలేదు. రెండు వేళ్ళతో తోశాడు. బోల్టు పైన ఉన్న పాత గుండ్రటి కన్నంలోకి వెళ్ళింది. దాని కింద అమ్మ తవ్విన మూడు గాట్లూ ఖాళీగా ఉండిపోయాయి.

"అవి పూడ్చీనా?" అని అడిగాడు నాన్న, వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మని.

"ఉండనీ. అవేటి చేస్తాయి" అంది అమ్మ.

రాత్రి అన్నాలయ్యాయి. వాన తగ్గి, పెరట్లో కప్పలు అరుస్తున్నాయి. అమ్మ గిన్నెలు సర్ది, దీపం తగ్గించి, మూల నుంచి పొత్రాన్ని దొర్లించుకుంటూ సగం దూరం వచ్చింది. అక్కడ ఆగింది. చంటి దుప్పట్లోంచి చూస్తున్నాడు. నాన్న కూడా పడుకుని చూస్తున్నాడు గానీ మాట్లాడలేదు.

అమ్మ వెళ్ళి బోల్టు వేసి, ఒక మాటు లాగి చూసింది. వెనక్కొచ్చి, పొత్రాన్ని వచ్చిన దారినే దొర్లించుకుంటూ తీసుకెళ్ళి, కడిగి, రోట్లో పెట్టింది.

"రేపు మినపరొట్టి ఏస్తాను" అంది చీకట్లోకి. "పప్పు నానబెట్టాల."