ఇరవై అయిదో వాయిదా

చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీ సెంటర్ మీటింగు ఉదయం ఏడు గంటలకు బడి వరండాలో మొదలయ్యేది. అయిదుగురికొక వరుస చొప్పున మహిళలు కూర్చుని ప్రతిజ్ఞ చెప్పి, పాసుపుస్తకాలు ముందు పెట్టేవారు. అందరి డబ్బూ లెక్క తేలేవరకు ఎవరూ లేవకూడదన్నది కంపెనీ నియమం. పత్తి చేలల్లో కలుపు కూలికి వెళ్లవలసిన వాళ్లు ఆలస్యమైతే ఆ పూట కూలి పోగొట్టుకుంటారు కాబట్టి, కట్టలేని మనిషిని నిలదీసే పని ఆఫీసరుకు మిగిలేది కాదు. వరుసలో వెనక కూర్చున్నవాళ్లే అది చేసిపెట్టేవారు.

వరంగల్ జిల్లాలోని ఆ ఊళ్లో నరేశ్ వసూళ్లు చూడటం మొదలుపెట్టి రెండేళ్లయింది. 2010 సెప్టెంబరు అది. వాయిదాలు వారం వారం కాక నెలకోసారే వసూలు చేయాలని అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వారానికి 225 రూపాయలే చట్టం. పది వేల అప్పు, దానిపై 1,250 వడ్డీ, యాభై వారాలు. పన్నెండున్నర శాతమే కదా అని మేనేజరు అనేవాడు. అసలు వారం వారం తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు పది వేలమీదే లెక్కగట్టారని, నిజమైన భారం దాదాపు రెట్టింపని నరేశ్‌కు తెలుసు. డిగ్రీలో అతనిది కామర్స్.

స్వరూప తీసుకున్న అప్పు కాగితాల్లో గేదె కోసం. తనిఖీకి వెళ్లిన రోజున ఆమె చూపించిన గేదె మెడలోని పలుపుతాడు పక్కింటి గుంజకు కట్టి ఉంది. అతను చూశాడు, చూడనట్టు రాసుకున్నాడు. ఆ డబ్బు తాటిచెట్టు మీదనుంచి పడిన ఆమె భర్త కాలికి వేసిన రాడ్డు అయింది. ఇంకా రెండు కంపెనీలకు, డ్వాక్రా సంఘానికి కూడా ఆమె కట్టవలసి ఉంది.

ఇరవై రెండో వారం ఆమె పాసుపుస్తకం తెచ్చింది గానీ డబ్బు తేలేదు.

"ఈ ఒక్క వారం ఆగుండ్రి సారూ," అంది. వెనక వరుసలోంచి ఎవరో, "మేమెందుకు కట్టాలె నీ పైసలు?" అన్నారు. గ్రూపు లీడరు లచ్చక్క తలెత్తలేదు. ఎనిమిదిన్నరకు నరేశ్ లేచి, జేబులోంచి తీసిన 225 కలెక్షను సంచిలో వేసి, పుస్తకంలో సంతకం చేశాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగు వారాల్లోనూ అదే జరిగింది.

దాన్ని దయ అనుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు. అతని జీతం 6,500. ఒక్క బాకీ లేకుండా నెల ముగిస్తే ఇన్సెంటివు 1,800. మూడు వారాలకు 675 పోయినా చేతికి 1,125 మిగులుతుంది. రాత్రి గదిలో ఆ లెక్క వేసుకున్నప్పుడల్లా తనమీద తనకే రోత పుట్టేది. తెల్లవారితే మళ్లీ బండి తీసేవాడు.

ఇరవై అయిదో వారం ముందురోజు మేనేజరు అతని చేతిలో కొత్త ఫారాలు పెట్టాడు. సగం వాయిదాలు ఒక్కటీ తప్పకుండా కట్టిన సభ్యులకు మధ్యంతర రుణం అయిదు వేలు. జాబితాలో మొదటి పేరు స్వరూప.

"నీ సెంటరే బ్రాంచిలో ఫస్టు. ఈ నెలాఖరుకు పది ఫారాలైనా రావాలె," అన్నాడు.

మర్నాడు ఆమె ముందే వచ్చి కూర్చుంది. కబురు ఎలా తెలిసిందో గానీ మొహం తేటపడి ఉంది.

"పైసలు రాంగనే ముందుగాల మీ ఆరువందల డెబ్బై అయిదు ఇచ్చేస్త సారూ," అంది మెల్లగా. "మిగిలినయి ఇంకో కంపెనోళ్లకు. వాళ్లు ఇంటి మీదికొస్తున్రు."

నరేశ్ ఫారం తెరిచాడు. గ్రూపులో నలుగురూ హామీ సంతకాలు చేయాలి. లచ్చక్క పెన్ను అందుకుని ఫారం వంకా, అతని వంకా చూసింది.

"సారూ, రేపు ఇది కట్టకపోతే మేం కట్టాలె గద. మీరు కట్టినట్టు మేం కట్టలేం."

వరండా అంతా వినబడింది. స్వరూప తల దించుకుంది. నరేశ్ లచ్చక్క చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. ఫారం అడుగున ఆఫీసరు అభిప్రాయానికి రెండు గీతల జాగా ఉంటుంది. సాధారణంగా అందులో 'క్రమం తప్పని సభ్యురాలు' అని రాసేవాడు. ఈసారి, 22, 23, 24 వాయిదాలు సభ్యురాలు చెల్లించలేదని, తన సొంత డబ్బుతో జమ చేశానని, ఈమెకు కొత్త అప్పు కాదు, పాత అప్పుకు గడువు కావాలని రాశాడు. జాగా చాలక చివరి మాటలు అంచు వెంట నిలువుగా పోయాయి. కంపెనీలో గడువు అనే పద్ధతి లేదు. సొంత డబ్బు కట్టడం ఉద్యోగం తీసేసేంత తప్పు.

స్వరూపకు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చో రాదో అతనికి తెలియదు.

"ఎన్నడొస్తయి సారూ పైసలు?"

"మేనేజరు సారు చూడాలె అక్కా," అన్నాడు ఫారం మడుస్తూ.

స్వరూప కొంగుముడి విప్పి పది రూపాయల నోట్లు, చిల్లర అతని ముందు పోసింది. లెక్కపెడితే 215 తేలాయి. ఆమె మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టసాగింది.