నాలుగో మిషన్

దేవరకొండ బస్టాండ్ ఎదురు గల్లీలో సైదులు నెట్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. రేపు పదింటికి టీచర్ ఉద్యోగాల పరీక్షకు రిజిస్ట్రేషన్ మొదలు. లోపల ఏడు మిషన్లూ పక్క రేకులు ఊడదీసుకుని బల్లల మీద వరుసగా పడుకున్నాయి. ఒక్కో డబ్బాలోంచి గుప్పెడు దుమ్ము. ఫ్యాన్ రెక్కల మధ్య బీడీ ముక్క కూడా దొరికింది. లోపలికి ఎట్లా పోయిందో దేవుడికే తెలియాలి.

ఆరు మిషన్లలో విండోస్ 7 తీసి 10 వేయాలి. విండోస్ 7లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. పోయిన నెల ఓ పిల్ల ఫీజు కట్టబోతే పేమెంట్ పేజీ తెల్లగా వచ్చి అట్లనే నిలబడ్డది. 11 వేద్దామంటే ఈ రెండో తరం ఐ3లకు ఎక్కదు. విండోస్ 10కు కూడా కంపెనీ 2025 అక్టోబరు 14తో చేతులు దులుపుకుంది గానీ బ్రౌజర్లు ఇంకా కొత్తవి వస్తున్నాయి, ఈ సీజన్ గడుస్తుంది. ఏడోది స్కానర్‌కు కట్టేసింది. నెట్ లేదు, దాని విండోస్ 7 జోలికి పోలేదు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో తెచ్చినవి: ఆరు 256 జీబీ ఎస్ఎస్‌డీలు, ఆరు 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు, ఒక ట్యూబు థర్మల్ పేస్టు, ఆరు సీఆర్2032 బిళ్ల బ్యాటరీలు. బ్యాటరీలు ఏడు తేవాల్సింది. నాలుగో మిషన్ గడియారం ఎన్నడూ తప్పలేదని ఆరుతోనే సరిపెట్టాడు.

"ముందు బిళ్ల మార్చు, తర్వాత బయాస్‌ల సాటా మోడ్ ఏహెచ్‌సీఐ పెట్టు. గప్పుడే విండోస్" అన్నాడు సైదులు.

"ఎప్పుడు మారిస్తే ఏంది అన్నా?" శీను ర్యామ్ కాళ్లను రబ్బరుతో రుద్దుతున్నాడు.

"బిళ్ల తీస్తే బయాస్ మొత్తం మొదటికొస్తది. ఈ బోర్డుల్ల మొదటి సెట్టింగ్ ఐడీఈ. ఏహెచ్‌సీఐల వేసిన విండోస్ ఐడీఈల లేవదు."

రాత్రి పదకొండుకు ఆరూ లేచాయి. బ్రౌజర్లలో ఆటోఫిల్ ఆపేశారు, లేకుంటే ఒకరి ఆధార్ నంబరు ఇంకొకరి ఫారంలో వచ్చి కూర్చుంటుంది. మధ్యలో రీస్టార్ట్ కాకుండా విండోస్ అప్‌డేట్లు వారం దాకా ఆపారు. శీను అన్నీ రీస్టార్ట్ చేసి చూశాడు.

"అన్నిట్ల టైం కరెక్టే అన్నా. మూసేద్దామా?"

సైదులు మాట్లాడకుండా పోయి ప్లగ్గులు ఒక్కొక్కటిగా పీకాడు. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాడు. ఐదు మిషన్లు మామూలుగా లేచాయి. నాలుగోది కూసింది.

```
CMOS Checksum Error - Defaults Loaded
Press F1 to continue
```

శీను ఎఫ్1 నొక్కాడు. విండోస్ గుర్తు వచ్చి, గుండ్రంగా రెండు సుట్లు తిరిగి, తెర నీలమైంది: INACCESSIBLE_BOOT_DEVICE.

"అన్నా, ఎస్ఎస్‌డీ పోయింది!"

"ఏం పోలే. ఐడీఈకి తిరిగింది."

డెల్ నొక్కి లోపలికి పోయి ఏహెచ్‌సీఐ పెట్టాడు. తేదీ 2011 జనవరి 1 ఉంటే అదీ దిద్దాడు. ఆ తేదీతో వదిలితే వెబ్‌సైట్ సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజర్ లోపలికే పోనివ్వదు. ఎఫ్10 నొక్కాక మిషన్ లేచింది.

నాలుగో మిషన్ ఇన్నాళ్లూ ఇన్వర్టర్ లైన్ మీద ఉంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ గడియారాన్ని ఎస్ఎంపీఎస్సే నడుపుతుంది, బిళ్ల చచ్చినా తెలియదు. రీస్టార్ట్ చేసి చూస్తే అసలే తెలియదు.

"ఇన్వర్టర్ మీదనే ఉంచుదాం అన్నా."

"దాని బ్యాటరీ మూడేండ్లది. పొద్దుగాల లైన్ మెయింటెనెన్స్ అని రెండు గంటలు తీస్తే? ఏడో దాంట్లది తీసి దీనికి పెట్టు."

"మరి దానికి?"

"దాని డిస్క్ ఐడీఈ మీదనే ఉంది. ఎఫ్1 నొక్కితే లేస్తది. స్కాన్‌కు తేదీతోని పనేంది?"

నాలుగోది విప్పి బిళ్ల మార్చారు, ఏహెచ్‌సీఐ మళ్లీ పెట్టారు, మళ్లీ ప్లగ్గు పీకి చూశారు. ఒంటిగంటయింది.

పొద్దున తొమ్మిదింపావుకు కరెంటు పోయి వచ్చింది. గల్లీలో అప్పటికే ఇరవై మంది. డిండి దిక్కు తండా నుంచి వచ్చిన అమ్మాయి నాలుగో మిషన్ ముందు కూర్చుంది. ఆమె తండ్రి సర్టిఫికెట్ల కవర్ గుండెకు ఆనించుకుని వెనక నిలబడ్డాడు. శీను ఏడో దాని ముందుకు పోయి ఎఫ్1 నొక్కాడు. తెల్లకాగితం మీద నల్ల పెన్నుతో ఆమె పెట్టిన సంతకాన్ని 200 డీపీఐలో తీసి, అంచులు కోసి, 30 కేబీ లోపలికి దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చాడు.

ఆమె మౌస్ ఫైలు మీద ఆపింది. పక్కన తేదీ కనిపించింది: 01-01-2011.

"గప్పుడు నేను రెండో తరగతి అన్నా" అంది.

"ఏం కాదమ్మా, అప్‌లోడ్ కొట్టు" అన్నాడు సైదులు కౌంటర్ నుంచి. "తర్వాతెవరు?"