ఉదయం పూట చదవమని రాస్తున్న ఉత్తరం

ఏమండీ,

ఉదయం లేవగానే మీరు మొదట వెతుక్కునేది కళ్లద్దాలనే కాబట్టి, ఈ ఉత్తరాన్ని ఆ పెట్టె కింద పెడుతున్నాను. రాత్రి చెప్పిన మాట తెల్లవారేసరికి మీకు గుర్తుండటం లేదు; గుర్తున్నా పోట్లాటగానే గుర్తుంటోంది. పన్నెండేళ్ల కాపురంలో ఒకే ఇంట్లో ఉంటూ మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి.

మీరు తాగుతారన్న సంగతి నాకు కొత్త కాదు. నెలకో రెండు నెలలకో స్నేహితులతో కూర్చుని వచ్చినప్పుడు నేనేనాడూ పెద్దగా పట్టించుకోలేదు. రెండేళ్ల క్రితం పదోన్నతి వచ్చి పని ఒత్తిడి పెరిగాక అది శనివారాలకు, తరువాత రోజు విడిచి రోజుకు మారి, ఈ ఆరు నెలలుగా దాదాపు ఏ రాత్రీ తప్పడం లేదు. ఒకప్పుడు రెండు పెగ్గులకే చాలనేవారు; ఇప్పుడు సగం సీసా ఖాళీ అయినా నడకలో తేడా కనిపించదు. "నాకు అంత తేలిగ్గా ఎక్కదు" అని దాన్ని ఘనతగా చెప్పుకుంటున్నారు. ఎక్కకపోవడం బలం కాదండీ, ఒళ్లు దానికి అలవాటు పడిందనడానికి గుర్తు. మత్తు తెలియనంత మాత్రాన కాలేయానికి పడే దెబ్బ తగ్గదు.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మీ బీపీ మాత్ర సరిగా పనిచేయడం లేదని డాక్టరుగారు మోతాదు పెంచిన రోజున, రోజూ తాగే సంగతి మీరూ చెప్పలేదు, పక్కనే కూర్చున్న నేనూ చెప్పలేదు. తాగుడు బీపీని పెంచుతుందని తెలిసి కూడా ఇద్దరం బుద్ధిగా తలూపి చీటీ తీసుకుని వచ్చాం. మీకు జ్వరమని మీ ఆఫీసుకు ఈ మధ్య మూడుసార్లు ఫోను చేశాను. ఇకమీదట ఆ అబద్ధం నా నోట రాదు. మీ మీద కోపంతో కాదు, నేను అలా కప్పిపెడుతున్నంత కాలం ఇది చిన్న సంగతేనని మనిద్దరమూ నమ్ముతూ ఉంటాం కనుక.

మొన్న పాప మార్కుల కాగితం తెచ్చింది. మంచి మార్కులే. మీరు ఇంట్లోనే ఉన్నారు కదా, వెళ్లి చూపించమన్నాను. "ఇప్పుడొద్దమ్మా, పొద్దున చూపిస్తాను" అని సంచిలో దాచుకుంది. దాని గొంతులో భయం లేదు, ఫిర్యాదు కూడా లేదు. వాన పడుతోంది, తరువాత వెళ్దాం అన్నంత మామూలుగా అన్నది. మీతో చెప్పవలసినవన్నీ పొద్దుటికి వాయిదా వేయడం ఈ ఇంట్లో అందరికీ అలవాటైపోయిందని అప్పుడు అర్థమైంది. ఆ పొద్దున కూడా ఇప్పుడు చేజారిపోతోందన్నదే నా భయం. లేవగానే మీ చేతులు వణుకుతున్నాయి. గత ఆదివారం పదకొండు గంటలకే మీ దగ్గర వాసన వచ్చింది. పుస్తకాల వెనుక సీసా కనిపించింది. దాన్ని పారబోయలేదు, అక్కడే ఉంచాను.

మానాలని మీకు లేదని నేను అనను. పోయిన నెలలో ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు ముట్టుకోలేదని నాకు తెలుసు. రెండో రాత్రి పక్క తడిసేంత చెమటలు పట్టి, నిద్ర లేక, వణుకుతూ మీరు కూర్చోవడం చూశాను. మరునాడు మళ్లీ మొదలుపెట్టి, మీకు మనోబలం లేదని మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. అది మనోబలానికి సంబంధించినది కాదు. ఎక్కువగా తాగడానికి అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ఇలాగే అవుతుంది. కొందరికి మూర్ఛ కూడా వస్తుంది, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే పిల్లల మీద ఒట్టు వేయమని గాని, రేపటి నుంచే మానేయమని గాని మిమ్మల్ని అడగడం లేదు. దీనికి మందులున్నాయి, దగ్గరుండి మాన్పించే వైద్యులున్నారు. వారిని కలవడానికి నాతో రండి, అంతే.

గురువారం ఉదయం పది గంటలకు ఒక మానసిక వైద్యుడి దగ్గర సమయం తీసుకున్నాను. ఆ రోజుకు నేను సెలవు పెట్టాను. మీ అన్నయ్యగారికి గాని, మా పుట్టింటివారికి గాని ఈ సంగతి చెప్పలేదు; మీరు ఒప్పుకుంటే తప్ప చెప్పను. ఒకటి మాత్రం మీ అనుమతితో నిమిత్తం లేకుండా నిర్ణయించుకున్నాను: సాయంత్రం ట్యూషన్ నుంచి పిల్లలను ఇకపై నేనే తీసుకువస్తాను, మీరు తాగి ఉన్నప్పుడు వాళ్లు మీ బండి ఎక్కరు.

వస్తారో రారో ఈ రాత్రి చెప్పకండి. రేపు కాఫీ తాగేటప్పుడు, పిల్లలు లేవక ముందు చెప్పండి. నేను వంటింట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ భార్య