మైపాడు ఎండుచేపల పందిళ్లు: ఎంపిక కమిటీ ముందు మా మాట

కమిటీ పెద్దలందరికీ నమస్కారం. మా ప్రతిపాదన 18 పేజీలూ మీ దగ్గరే ఉన్నాయి, మళ్లీ చదవను. ముందు ఈ రెండు పొట్లాలు చూడండి. రెండూ నెత్తళ్లే. ఒకే రోజు, ఒకే పడవలో మైపాడు ఒడ్డుకు వచ్చినవి. మొదటివి ఇసుక మీద ఎండాయి, రెండోవి నడుమెత్తు పందిరి మీద. మొదటి పొట్లంలో ఒక చేపను వేళ్ల మధ్య రుద్దండి.

ఆ రాలిన ఇసుకకే మా ఆడవాళ్లు నష్టపోతున్నారు. ఇరవై కిలోల గంపకు వ్యాపారి నాలుగు కిలోలు తరుగు తీస్తాడు. మా సంఘంలో 24 మంది ఉన్నాం. పోయిన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గంప గంపకూ చీటీ రాసుకున్నాం. మన జిల్లాలో వానలు గట్టిగా పడేది ఆ నెలల్లోనే. మబ్బు పట్టిందంటే ఒడ్డున పరుగులే పరుగులు. తడిసిన చేపకు పురుగు పడుతుంది, ఇక అది కోళ్ల దాణాకే. తెల్లవారుజామున అప్పు తెచ్చి కొన్న సరుకది. ఆ బాధ పేజీల్లో సరిగా రాయలేకపోయాను.

చేసేది కష్టమైన పని కాదు. సరుగుడు గుంజలు పాతి, వాటిపై వల బిగించి, మనిషికొక పందిరి కడతాం. చేపను మంచినీళ్లతో కడిగి, ఉప్పు పట్టించి, పలచగా పరుస్తాం. గాలి పైనుంచీ కిందనుంచీ తగులుతుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. వానరోజులకు ప్లాస్టిక్ కప్పు వేసిన సోలార్ డ్రయ్యర్లు రెండు, అందరికీ కలిపి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది, మాకు చేపల పని ఉండదు. పందిళ్లు అప్పుడే కట్టేస్తాం. తుపాను హెచ్చరిక వస్తే వలలు విప్పి ఇళ్లకు చేరుస్తాం.

ఏడాదిలో గంప తరుగు నాలుగు కిలోల నుంచి ఒక కిలోకు తగ్గాలి. అవే చీటీలతో కొలిచి మూడు నెలలకొకసారి మీకు చూపిస్తాం. ఎగుమతులు చేస్తామని మాట ఇవ్వను. ముందు నెల్లూరు మార్కెట్లో మా చేపకు మంచి ధర రావాలి.

లెక్క: పందిరికి 6,500 చొప్పున 24 పందిళ్లకు 1,56,000. డ్రయ్యర్లు రెండూ 1,70,000. నీళ్ల ట్యాంకు, కడిగే గట్టు 40,000. ట్రేలు, కాటా 18,000. శిక్షణకు 16,000. మొత్తం నాలుగు లక్షలు. ఇందులో మనిషికి వెయ్యి చొప్పున 24,000 మేమే వేసుకున్నాం, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చాను. మిమ్మల్ని అడిగేది 3,76,000. జీతాలకు ఒక్క రూపాయి పెట్టలేదు, గుంజలు పాతే కూలి కూడా మాదే. ఎక్కువ డబ్బు డ్రయ్యర్లకు ఎందుకని మీరు అడగవచ్చు. ఎండరోజుల్లో పందిరి చాలు, అప్పు పెరిగేది వానరోజుల్లో.

నాతో వచ్చిన అక్క ముప్పై ఏళ్లుగా చేపలు ఎండబెడుతోంది. ఆ రెండో పొట్లం ఆమెదే. ఎండబెట్టడం గురించి ఆమెనే అడగండి, లెక్కల గురించి నేను చెబుతాను.