లేత గులాబీ రంగు

ఫిబ్రవరిలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి. ఆలోపు సన్నబడాలని డిసెంబర్ మొదట్లోనే అన్నం మానేశాను. బెజవాడ పటమటలో హాస్టల్, బీఎస్సీ రెండో సంవత్సరం, బరువు 63 కిలోలు. పొద్దున గ్రీన్ టీ, మధ్యాహ్నం ఒక యాపిల్, రాత్రి కీరదోస ముక్కలు, అంతే. మెస్ ఆంటీ "ఏమ్మా, భోజనానికి రావట్లేదు" అని అడిగితే ఇంటి నుంచి తెచ్చుకున్నానండీ అని అబద్ధం చెప్పేదాన్ని. పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాను. ఆ అంకె చూసిన పొద్దున ఎంత సంతోషమేసిందో! దాని కోసమే ఇంకో మూడు వారాలు లాగాను.

బెజవాడలో డిసెంబర్ చలి ఎంతని, కానీ నాకు రెండు దుప్పట్లు కప్పుకున్నా కాళ్లు చల్లగానే ఉండేవి. అర్ధరాత్రి మెలకువ వచ్చి పప్పుచారు గుర్తొచ్చేది. పుస్తకం తెరిస్తే అదే పేరా నాలుగుసార్లు చదివినా బుర్రలోకి ఎక్కేది కాదు. పక్క మంచం అక్క "లైట్ తీసేయనా" అని మామూలుగా అడిగితే ఆమె మీద అరిచేశాను, తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

జనవరిలో ఒక రోజు ల్యాబ్‌లో టైట్రేషన్. బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, కింద ఫ్లాస్కులో పది మిల్లీలీటర్ల ఆక్సాలిక్ ఆమ్లం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. చివర్లో ఒక్కో చుక్కే వదులుతూ, లేత గులాబీ రంగు రాగానే ఆపాలి. నా వేళ్లు వణికి, కుళాయి తిప్పేలోపే ద్రావణం ముదురు గులాబీ అయిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. మూడోసారి రంగు కనబడలేదు, కళ్ల ముందు అంతా తెల్లగా అయిపోయింది, బల్ల పట్టుకుని అలాగే కిందికి జారిపోయాను.

సాయంత్రానికి అమ్మ తెనాలి నుంచి వచ్చేసింది. డాక్టరు గారు రక్త పరీక్ష కాగితం చూసి హిమోగ్లోబిన్ 9.6 అన్నారు, తిట్టలేదు, ఒక మాట మాత్రం నింపాదిగా చెప్పారు. "మొదట్లో గబగబా తగ్గిందంతా కొవ్వు కాదమ్మా. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న చక్కెర, దాన్ని పట్టుకుని ఉన్న నీళ్లు ముందు పోతాయి, తర్వాత కండ కూడా కరుగుతుంది. తినడం మొదలుపెట్టగానే ఒకటి రెండు కిలోలు వెనక్కి వస్తాయి. అవి ఆ నీళ్లే, భయపడకు." ఐరన్ మాత్రలు రాసి, ఏ పూటా మానకుండా తినమన్నారు. ఆ రాత్రి మెస్‌లో ఆంటీ నా ముందు కంచం పెట్టి, వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి, తనే వేళ్లతో పొడిపొడిగా విడదీసి చల్లార్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే దవడలు తియ్యగా లాగాయి, ఆ నొప్పి నాకింకా గుర్తుంది. ఆరు ముద్దలకే కడుపు నిండిపోయింది. "చాల్లేమ్మా, రేపు ఇంకో రెండు" అంది.

తర్వాత పెద్ద విశేషాలేం లేవు. ఎనిమిదింటికి ఇడ్లీయో పెసరట్టో, ఒంటిగంటకి అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు, సాయంత్రం ఉడకబెట్టిన వేరుశనగకాయలు, రాత్రి మళ్లీ అన్నమో చపాతీయో, గుడ్డు. మొదటి వారం కిలోన్నర పెరిగింది. చెప్పారని తెలిసినా నాకు గుండె దడదడలాడింది, ఆ రాత్రి అన్నం మానేద్దామనే అనిపించింది, అక్క చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. పెళ్లికి నేను అనుకున్న సైజు బ్లౌజ్ పట్టలేదు, కుట్లు విప్పించుకుని వేసుకున్నాను. మార్చిలో దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చింది. కడుపు మాడ్చుకున్నది జుట్టుకి రెండు మూడు నెలల తర్వాత తెలుస్తుందట, ఇంత తింటున్నా ఇదేంటని చాలా బాధపడ్డాను. అయినా పదకొండింటి క్లాసులో కళ్లు మూతలు పడటం పోయింది, సాయంత్రం మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. ఎప్పుడు పోయిందో కానీ ఆ చిరాకు కూడా లేదు.

ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్ష, మళ్లీ అదే టైట్రేషన్ వచ్చింది. చెయ్యి వణకలేదు. చుక్క పడింది, ఫ్లాస్కు తిప్పాను, రంగు వచ్చి పోయింది, ఇంకో చుక్క, ఈసారి నిలబడింది, తెల్ల పింగాణీ పలక మీద పెట్టి చూస్తే మా పెరట్లో గులాబీ రేకు లోపలివైపు అంత లేతగా ఉంది. మూడు రీడింగులు రాసుకున్నాను: 9.8, 9.8, 9.8. బ్యూరెట్ కడిగి స్టాండుకి బిగించి గడియారం చూస్తే ఒంటిగంటకి పది నిమిషాలు ఉంది. బాగా ఆకలేస్తోంది. ఆ రోజు మెస్‌లో గోంగూర పప్పు.