ఆ వాక్యం చివర

మాస్టారి అమ్మాయి ఆ వీడియో కేసెట్టును కవర్లో చుట్టి తెచ్చింది. "నాన్నగారి గొంతు మిగిలింది ఇందులోనే, టీచరుగారూ. చూసినవాళ్లంతా ఇక పనికిరాదన్నారు" అంది. అట్ట మీద మాస్టారి రాత: "ప్రధాన సంఖ్యలు, శిక్షణ తరగతి, 1991". ఆ తరగతిలో నేనూ ఉన్నాను. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండో ఏడు.

కేసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా బూజు. అలాగే ఆడిస్తే ఆ బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుంటుంది, టేపూ గీరుకుపోతుంది. నేను ముట్టుకోలేదు. పాత టేపులు కంప్యూటర్లోకి ఎక్కించే ఒకాయనకు ఇస్తే, ఓపిగ్గా శుభ్రం చేసి, ఆడియో హెడ్డు వంపు కొద్దిగా మార్చి రెండుసార్లు ఎక్కించి, రెండు ఫైళ్లిచ్చారు. ఇస్తూ కాగితం మీద ఒక బొమ్మ గీశారు. వీహెచ్ఎస్ టేపు వెడల్పు అరంగుళం. దృశ్యం ఏటవాలు గీతలుగా దాదాపు వెడల్పంతా పరుచుకుని ఉంటుంది. మాట మాత్రం ఒక అంచున సన్నటి చారగా పొడుగునా సాగుతుంది. "అంచు మడతపడితే మాట పోతుంది, బొమ్మ ఉంటుంది. మధ్యలో నలిగితే బొమ్మ చెదురుతుంది, మాట ఉంటుంది. ఒకటి పోయినచోట రెండోదాన్ని అడగండి" అన్నారు.

రెండు నెలలు నేను చేసిన పని అదే.

మొదటి రోజే నోటుబుక్కులో ఒక కట్టుబాటు రాసుకున్నాను. చెవికి వినబడింది నల్ల ఇంకుతో. కంటికి కనబడింది నీలం ఇంకుతో. నేను ఊహించింది పెన్సిలుతో, బ్రాకెట్లలో. ఎందుకంటే ఈ పాఠం నేను ముప్ఫై ఏళ్లు చెప్పాను. సగం మాట వినగానే మిగతా సగం నా నోరే పూరించేస్తుంది. అలా పూరించుకుంటూ పోతే చివరికి మిగిలేది నా పాఠం, మాస్టారిది కాదు.

పన్నెండో నిమిషం దగ్గర బొమ్మ పూర్తిగా చెదిరిపోయింది. మాస్టారు ఏమీ మాట్లాడకుండా బోర్డు మీద రాస్తున్నారు. సుద్దముక్క చప్పుడు మాత్రం ఉంది. బొమ్మ బాగున్న చోట్లకు వెళ్లి ఆయన ఏ అంకెను ఎన్ని గీతల్లో రాస్తారో చూసుకున్నాను. 5 రాసేటప్పుడు పైగీత చివర్న, విడిగా. 7కు నడుముకు అడ్డంగా చిన్న గీత. 3 చెయ్యి ఎత్తకుండా ఒకే ఊపులో. మళ్లీ వచ్చి విన్నాను. టక్... టక్, సర్రున ఒక గీత. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండేసి సెకన్లు మళ్లీ మళ్లీ తిప్పుతూ, 2, 3, 5, 7 అని నాలుగు అంకెలు పట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. వేగం సగానికి తగ్గిస్తే తేలిగ్గా వినబడుతుందనుకున్నాను గానీ, అప్పుడు హల్లులన్నీ సాగి కలిసిపోతున్నాయి. ముప్పావు వేగమే నాకు కుదిరింది.

అసలు బాధ ముప్ఫై ఒకటో నిమిషంలో.

ప్రధాన సంఖ్యలకు అంతులేదని యూక్లిడ్ చూపిన దారి అక్కడ నడుస్తోంది. మొదటి ఆరు ప్రధాన సంఖ్యలనూ గుణించి ఒకటి కలిపితే 30031. మాస్టారి గొంతు స్పష్టంగా ఉంది: "కాబట్టి ఈ వచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యే అవ్వాల..." అంతే. అక్కడి నుంచి నలభై సెకన్లు ఉత్త హోరు. దాదాపు మీటరు పొడుగు టేపుకు అంచు మడతపడింది.

పెన్సిలు అందుకోబోయి ఆగాను. నా 1991 నోట్సు ఇంకా నా దగ్గరుంది. అందులో "ప్రధాన సంఖ్యే అవ్వాలి" అని నా చేత్తోనే రాసి ఉంది. అది తప్పు. ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కానక్కర్లేదు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య మన జాబితాలో లేనిదై ఉంటుంది, అంతవరకే. ఆ సంగతి నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. అప్పటికే ఎన్ని తరగతులకు తప్పు చెప్పానో. ఆనాటి నుంచీ మాస్టారంటే గౌరవం తగ్గలేదు గానీ, ఈ ఒక్క చోట ఆయన పొరబడ్డారని మనసులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ తప్పును నేనే నల్ల ఇంకుతో రాసి, ఆ అమ్మాయి చేతికివ్వాలి.

హోరును పక్కనపెట్టి ఫ్రేములు చూడటం మొదలుపెట్టాను. సెకనుకు 25 చొప్పున నలభై సెకన్లకు వెయ్యి. మాస్టారు వెనక్కి తిరిగి బోర్డు కుడివైపు కింద ఏదో రాస్తున్నారు. పెదవులు కనబడవు. రాత ఆయన వీపు చాటున ఉంది. 800వ ఫ్రేము దాటాక ఆయన పక్కకు జరిగారు, రెండు సెకన్లపాటు. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది, అదే నా అదృష్టం. ఫ్రేముల్లో చుక్కల వాన దేనికదే వేరుగా కురుస్తుంది, బోర్డు మీది రాత మాత్రం అన్నిట్లో ఒకేచోట ఉంటుంది. పదహారు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే, చుక్కల గోల నాలుగో వంతుకు దిగుతుంది. తీశాను.

బూడిద రంగులోంచి గీతలు మెల్లగా పైకి తేలాయి. 59. పక్కన గుణకార గుర్తు. 50. ఆ తర్వాత ఒక అంకె, పైన గుండ్రం, కింద మసక.

చేతులు వణికాయి. 59ని 509తో గుణిస్తే 30031. కానీ అది నా లెక్క. ఆయన రాసినది 9 అని కంటితో చూడాలి. వెనక్కి వెళ్లి, ఆ అంకె రాస్తున్నప్పటి మోచేతిని ఒక్కో ఫ్రేమే కదుపుతూ చూశాను. చెయ్యి ఒక చుట్టు తిరిగి, తిన్నగా కిందికి దిగి ఆగింది. ఆయన 3 రాస్తే చెయ్యి రెండుసార్లు వంగుతుంది, ఇందులో వంగలేదు. నీలం పెన్నుతో రాశాను: 59 × 509.

అప్పుడు రెండో ఫైలు తెరిచి ఆ మాట మళ్లీ విన్నాను. "అవ్వాల" తర్వాత హోరు మొదలయ్యేలోపు, ముక్కులోంచి పలికినట్టు ఒక చిన్న ధ్వని. "ని". మొదటి ఫైల్లో అది లేనే లేదు. తెలుగులో కాదు, లేదు అనే మాట వాక్యం చివరికి గానీ రాదు, టేపు సరిగ్గా అక్కడే మడతపడింది. నల్ల ఇంకుతో "అవ్వాలని" రాసి, పెన్సిలుతో పక్కన (లేదు) పెట్టాను. ఆ ఒక్కటీ వినబడలేదు కాబట్టి బ్రాకెట్లోనే ఉంచాను.

ఆ రాత్రే మాస్టారి అమ్మాయికి ఫోన్ చేశాను. "మీ నాన్నగారు సరిగ్గానే చెప్పారమ్మా. పక్కన ఉదాహరణ కూడా రాసి చూపించారు" అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "ఆయన తప్పెందుకు చెప్తారు టీచరుగారూ?" అంది. నా నోట్సు సంగతి మొత్తం చెప్పాను, ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్నదానితో సహా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ బొమ్మ నాకూ పంపండి" అంది.

పంపేముందు ఇంకోసారి చూశాను. మాస్టారు పక్కకు జరిగి, 59 × 509 మీద వేలు పెట్టి తరగతి వైపు తిరిగి ఉన్నారు. కెమెరా వెనక నుంచి తీసింది కాబట్టి అందరి తలలూ కనబడుతున్నాయి. తలలన్నీ బోర్డు వైపే ఉన్నాయి. రెండో వరుస చివర ఒక జడ మాత్రం, నోటుబుక్కు మీదికి వంగి ఉంది.